అమ్మ గురించి డాక్టరుకు రాసిన చీటీ

2025 ఆగస్టులో ఒక మంగళవారం. ఓ.పి. గదిలో నా ఎదుట కూర్చున్న పెద్దావిడకు 72 ఏళ్ళు. మడత నలగని నేత చీర, చేతిలో చిన్న గుడ్డసంచీ. వెనకాల నిలబడ్డ కూతురికి నలభై ఆరో నలభై ఏడో ఉంటాయి. బ్యాంకులో పనిచేస్తోందట, ఒంటిపూట సెలవు పెట్టి తల్లిని తీసుకొచ్చింది.

"అమ్మకు మతిమరపు ఎక్కువైందండీ" అంది. ఆ మాట పూర్తి కాకుండానే తల్లి నవ్వేసింది.

"డెబ్బై దాటాక మతిమరపు రాక మరేమొస్తుంది బాబూ? మొన్న ఇది కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికింది. దీనికేం మందిస్తారు?"

నాకూ నవ్వొచ్చింది. సొంత ఊరేదని అడిగాను, చెప్పింది. పిల్లలెందరని అడిగాను, కొడుకు అమెరికాలో ఉన్నాడనీ ఇద్దరు మనవలనీ చెప్పింది. మా ఆస్పత్రి పాత భవనం ఏ వీధిలో ఉండేదో కూడా చెప్పింది. ఇవాళ తారీఖెంతమ్మా అంటే మాత్రం "వంటింటి వాళ్ళకు తారీఖులతో ఏం పని బాబూ, అవి మీ ఉద్యోగస్తులకు" అంది. బయట ఎనభై మంది కాచుకుని ఉన్నారు. బి.పి. చూసి, వయసుతో వచ్చేదేలెమ్మని చెప్పి పంపేశాను. గుమ్మం దాటబోతూ ఆ అమ్మాయి ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఏదో చెప్పాలని వచ్చి తల్లి ఎదుట చెప్పలేకపోయింది. అప్పుడు తట్టింది నాకు, ఆవిడ తారీఖు చెప్పలేదని. చెప్పకుండా నన్ను నవ్వించి పంపించిందని.

మతిమరపు జబ్బు, అదే డిమెన్షియా, మొదటి దశలో ఉన్నవాళ్ళు ఇలాగే డాక్టరు ముందు పది నిమిషాలు చక్కగా నెగ్గుకొస్తారు. మర్యాద, మాటకారితనం, పాత సంగతులు చివరిదాకా నిలిచే సరుకు. ముందు పోయేవి నిన్నటి సంగతులు, పనిలో వరస. అవి బయటపడేది ఇంట్లోనే. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో అల్జీమర్ అనే డాక్టరు 51 ఏళ్ళ స్త్రీని పరీక్షించి 1906లో ఆమె జబ్బును లోకానికి వివరించాడు. ఆయన పేరే తరవాత ఆ జబ్బుకు పెట్టారు. ఆమెలో మొదట మార్పు కనిపెట్టింది ఆయన కాదు, ఆమె భర్త. ఉన్నట్టుండి తనమీద అనుమానం పెంచుకుందనీ, వంటలో తప్పులు చేస్తోందనీ, వస్తువులు దాస్తోందనీ చెప్పింది ఆయనే.

ఆ అమ్మాయిని వెనక్కి పిలిచి, "ఇంట్లో చూసినవన్నీ ఒక కాగితం మీద రాసి వచ్చే మంగళవారం తీసుకురామ్మా. అమ్మ లోపలికి రాకముందే నర్సమ్మకు ఇచ్చెయ్యి" అన్నాను.

తెచ్చింది. నాలుగే నాలుగు వాక్యాలు. "అమ్మకు జ్ఞాపకశక్తి బాగా తగ్గింది. చిరాకు పడుతోంది. ఎవర్నీ నమ్మడం లేదు. రాత్రిళ్ళు సరిగా నిద్ర పోవడం లేదు." ఇంతే రాశావేమమ్మా అంటే తల వంచుకుంది. "అమ్మ మీద చాడీలు రాస్తున్నట్టుందండీ. పైగా అన్నయ్య వీడియోలో రోజూ మాట్లాడుతూ, అమ్మ బాగానే ఉంది, నీకే ఓపిక తగ్గిందంటాడు" అంది.

అన్నయ్య అబద్ధం చెప్పడం లేదు. పావుగంట ఫోనులో "తిన్నావా, పిల్లలు బాగున్నారా, అక్కడ చలిగా ఉందా" అనే మాటలకు కొత్త జ్ఞాపకం అక్కరలేదు. నలభై ఏళ్ళుగా నోట్లో నానిన మాటలవి. అవే ప్రశ్నలు అడిగినందుకు నేనూ ఆయనలాగే మోసపోయాను.

ఆ నాలుగు వాక్యాలతో నేనేమీ చెయ్యలేను. ఎందుకంటే అవి జరిగిన సంగతులు కావు, కూతురు చేసిన తీర్మానాలు. "ఎవర్నీ నమ్మడం లేదు" అన్న మాట కోడలితో పడని అత్తగారికీ సరిపోతుంది, చెవుడు వచ్చిన మనిషికీ సరిపోతుంది, మెదడు జబ్బుకూ సరిపోతుంది. అంచేత ఆ అమ్మాయికి ఇలా చెప్పాను: "తీర్మానం నేను చేస్తాను. నువ్వు సంగతి రాయి. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, పదేళ్ళ కిందట అదే పని అమ్మ ఎలా చేసేది, నువ్వు గుర్తుచేస్తే ఏమంది. తారీఖు తెలియకపోతే పండగ పేరు రాయి. ఇంట్లో ఉన్న మందులన్నీ, అట్టల్లో మిగిలినవీ సీసాల్లో మిగిలినవీ ఏరి సంచీలో వేసుకుని రా. బాగున్న సంగతులు కూడా రాయి. చేతులు వణుకుతున్నాయా, నడక మారిందా, ఎక్కడైనా పడిందా అన్నది మరిచిపోకు."

పదేళ్ళ కిందటి లెక్క ఎందుకని అడగవచ్చు. జోర్మ్ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు 1989లో దగ్గరి బంధువులకు ఇచ్చే ప్రశ్నల పట్టిక ఒకటి ప్రచురించాడు. అందులో ప్రతి ప్రశ్నా ఈ మనిషిని పదేళ్ళ కిందటి ఈ మనిషితోనే పోలుస్తుంది. మన పెద్దవాళ్ళకు ఈ పద్ధతి మరీ అవసరం. మనం పెట్టే పరీక్షల్లో మార్కులు చదువును బట్టి మారిపోతాయి. ఐదో తరగతి చదివిన ఇల్లాలికి తక్కువ మార్కులు వస్తే అది జబ్బో, బడి తక్కువవడమో తెలీదు. పెద్ద చదువు చదివిన మేష్టరుకు జబ్బు ఉన్నా మంచి మార్కులే రావచ్చు. కాని ముప్ఫై ఏళ్ళు కళ్ళు మూసుకుని ఆవకాయ కలిపిన చెయ్యి తడబడితే, దాన్ని చదువుతో కొట్టిపారెయ్యలేం.

మూడోసారి తెచ్చిన చీటీ రెండు పేజీలు. ఆ అమ్మాయి అనుమతితో, ఊరూ పేర్లూ తీసేసి, ఇక్కడ ఇస్తున్నాను.

"డాక్టరు గారికి నమస్కారాలు.

అమ్మ ఐదో తరగతి చదివింది. నాన్న పోయి మూడేళ్ళయింది. 14 ఏళ్ళుగా షుగరు, 8 ఏళ్ళుగా బి.పి. ఉన్నాయి. శాకాహారి. నాన్న పోయాక మా వెనక వీధిలో తన ఇంట్లో ఒక్కతే ఉండేది. మొన్న ఉగాది నించి మా ఇంట్లో ఉంటోంది.

2024 సంక్రాంతి: అరిసెలకు పాకం పెట్టింది. బెల్లం వేశానా అని నన్ను మూడుసార్లు అడిగింది. పాకం ముదిరిపోయింది. ఉండపాకం చూడడం మా వీధిలో అందరికీ నేర్పింది అమ్మే. అప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను.

2024 మే: ఆవకాయలో ఉప్పు రెండుసార్లు వేసింది. నేను చెప్తే, ఈ ఏటి ఉప్పు మంచిది కాదు అంది. ఆ తరవాత నించి పులిహోర, పప్పు, చారు తప్ప ఏదీ చెయ్యడం లేదు. అడిగితే విసుగ్గా ఉందంటుంది. ఒకప్పుడు ఇరవై మందికి వండి పెట్టేది.

2024 దసరా రోజుల్లో: పాలు పొయ్యిమీద పెట్టి మరిచిపోయింది. గిన్నె మాడిపోయింది. పది రోజుల్లో రెండుసార్లు. మొదటిసారి సంగతి రెండోసారి గుర్తుచేస్తే, అలా జరగనే లేదంది.

కార్తీక మాసం: తనే ముప్ఫై ఏళ్ళుగా వెళ్ళే శివాలయం నించి తిరిగి వస్తూ సందు తప్పింది. తెలిసిన ఆటో అబ్బాయి ఇంటి దగ్గర దింపాడు. నాకు చెప్పొద్దని అతనికి చెప్పిందట.

2025 జనవరి: బంగారు గాజులు పోయాయని గోల చేసింది. పనిమనిషి తీసిందంది. నాలుగు రోజులకు బియ్యం డబ్బాలో దొరికాయి. అదే పెట్టి ఉంటుందని పట్టుబట్టింది. ఆ పనిమనిషి మాకు పన్నెండేళ్ళుగా చేస్తోంది. ఏడుస్తూ మానేసింది. ఇలాంటివి మరో మూడుసార్లు జరిగాయి.

పాలవాడికి ఒకే నెల డబ్బు రెండుసార్లు ఇచ్చింది. అతను మంచివాడు గనక తిరిగి ఇచ్చాడు.

అడిగిందే అడుగుతుంది. పొద్దున్న నేను బ్యాంకుకు బయల్దేరేలోగా, ఇవాళ ఏకాదశా అని నాలుగైదుసార్లు. మొదటి అక్షరం అందించినా గుర్తు రాదు. అడిగిన సంగతే గుర్తుండదు.

ఇప్పుడు కొత్తగా వచ్చినవి. ఈ జులై రెండో వారం నించి సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మంచం చివర ఇద్దరు పిల్లలు కూర్చున్నారంటుంది. వాళ్ళకు అన్నం పెట్టమంటుంది. రాత్రి లేచి ఇల్లంతా తిరుగుతుంది. పగలు కూర్చున్నచోటే కునుకు తీస్తుంది. కొన్ని పూటలు బాగా మాట్లాడుతుంది, కొన్ని పూటలు నన్ను తన చెల్లెలనుకుంటుంది. నోరు పిడచ కట్టుకుపోతోందంటుంది. మలబద్ధకం. జులైకి ముందు ఇవేవీ లేవు.

బాగున్నవి: స్నానం, చీర కట్టుకోవడం, తినడం తనే. అన్నయ్య, నేను, మనవలు అందరం తెలుసు (ఆ కొన్ని పూటలు తప్ప). విష్ణు సహస్రనామం తప్పులేకుండా చదువుతుంది. చేతులు వణకడం లేదు. నడక ఎప్పటిలాగే ఉంది. నిద్రలో అరవడం, కాళ్ళు విసరడం ఎప్పుడూ లేవు. ఈ ఏడాదిలో ఎక్కడా పడలేదు.

టీ.వీ. శబ్దం బాగా పెంచుతోంది.

మందులు: షుగరుకు మెట్‌ఫార్మిన్, బి.పి.కి ఒకటి. మూత్రం ఆగడం లేదని జులై 3న ఒక క్లినిక్కులో ఆక్సీబ్యూటినిన్ 5 మిల్లీగ్రాములు రోజుకు రెండు రాశారు. సంచీ సర్దుతుంటే అమ్మ దిండు కింద జలుబు బిళ్ళల అట్ట దొరికింది. నిద్ర పడుతుందని మందుల షాపులో తనే కొని రాత్రిపూట వేసుకుంటోందట.

నాకు భయంగా ఉంది. మా అమ్మమ్మ కూడా చివర్లో ఇలాగే అయింది."

ఈ చీటీ చదవడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. ఇందులో ఒకటి కాదు, రెండు కథలున్నాయి. తారీఖులు లేకపోతే రెండూ కలిసిపోయి ఒకటే కథలా కనిపించేవి.

మొదటి కథ సంక్రాంతి నాడు మొదలై ఏడాదిన్నరగా మెల్లగా, వెనక్కి తగ్గకుండా నడుస్తోంది. వయసు వల్ల వచ్చే మామూలు మతిమరపులో మనిషి గాజులు ఎక్కడ పెట్టానా అని వెతుకుతాడు, కాసేపటికి గుర్తొస్తుంది, లేదా ఎవరైనా "బియ్యం డబ్బాలో చూశావా" అంటే అవునంటాడు. ఈవిడకు అందించినా రావడం లేదు. పాలు మాడిన సంగతి మరవడం ఒక ఎత్తు, అది జరిగిందన్న సంగతే లేకపోవడం మరో ఎత్తు. జ్ఞాపకాన్ని బయటికి తియ్యలేకపోవడం కాదిది, లోపల అసలు పడకపోవడం. గాజుల దొంగతనం కూడా ఇందులో నించి పుట్టిందే. దాచింది తనే, దాచిన జ్ఞాపకం లేదు, వస్తువు లేదు. అప్పుడు మనసుకు మిగిలే వివరం ఒక్కటే, ఎవరో తీశారు. ఆ పనిమనిషికి ఈ సంగతి చెప్పి మళ్ళీ పిలవమన్నాను. పిలిచారు.

వంట సంగతి ఇంకా ముఖ్యం. మరిచిపోవడం ఒక్కటే ఉండి రోజువారీ పనులన్నీ సాగుతుంటే దాన్ని డిమెన్షియా అనం. పనులు చేసుకునే శక్తి తగ్గితేనే ఆ పేరు. ఇరవై మందికి వండి పెట్టిన ఆవిడ మూడు వంటలకు దిగింది, అదీ విసుగు అనే ముసుగులో. డబ్బు లెక్క తప్పింది, తెలిసిన దారి తప్పింది. చీర కట్టడం, స్నానం మిగిలి ఉన్నాయి గనక ఇది తొలి దశ. సహస్రనామం సంగతి చాలామందిని మోసం చేస్తుంది. "వెయ్యి నామాలు చెప్పేవాళ్ళకు జబ్బేమిటి" అంటారు బంధువులు. చిన్నప్పటినించి రోజూ చదివింది మెదడులో వేరే దారిలో పాతుకుని ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన నిన్నటి జ్ఞాపకం ఉన్నట్టు కాదు.

రెండో కథ జులై రెండో వారంలో మొదలైంది. పిల్లలు కనిపించడం, పగటి కునుకు, పూట పూటకూ మారే తెలివి. ఇవి వారం పది రోజుల్లో ఊడిపడ్డాయి. డిమెన్షియా సాధారణంగా ఇంత వేగంగా మెట్లు దిగదు. లేనివి కనిపించడం, తెలివి పెరుగుతూ తగ్గుతూ ఉండడం లూయీ బాడీ అనే మరో రకం డిమెన్షియాలో ఉంటాయి. అయితే అందులో చాలామందికి నడక బిగుసుకోవడం, వణుకు, నిద్రలో కలలకు తగ్గట్టు కాళ్ళు చేతులు విసరడం కూడా కనిపిస్తాయి. అవి లేవని ఆ అమ్మాయి ముందే రాసింది. అంచేత నా కన్ను ఆ పక్కనున్న నోరు పిడచ కట్టడం, మలబద్ధకం మీద పడింది. ఆ రెండూ ఒకేసారి కొత్తగా వస్తే అవి చాలాసార్లు మందు సంగతులు.

జులై 3న మొదలైన ఆక్సీబ్యూటినిన్ మూత్రాశయం బిగువును సడలిస్తుంది. ఎలాగంటే, నరాలు కండరానికి కబురు పంపడానికి వాడే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుని. మెదడు జ్ఞాపకాలు పెట్టుకోవడానికీ, మెలకువగా ఉండడానికీ అదే రసాయనం కావాలి. అల్జీమర్స్ జబ్బులో అది ముందే తరిగి ఉంటుంది. ఉన్న కాస్తనీ మందు అడ్డుకుంటే ఏమవుతుందో ఆ సాయంత్రాలు చెబుతున్నాయి. దిండు కింది జలుబు బిళ్ళలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంది. అదీ అదే పని చేస్తుంది. పాతతరం జలుబు బిళ్ళల్లో, చాలా దగ్గు మందుల్లో ఇది ఉంటుంది, చీటీ లేకుండా కొనుక్కుంటారు. ఆ క్లినిక్కు డాక్టరుగారిని తప్పుపట్టను. ఆయన ముందు మూత్రం సంగతే చెప్పారు, పాకం సంగతి చెప్పలేదు.

ఆ రోజు ఆవిడను ఒంటరిగా కూర్చోబెట్టి నెమ్మదిగా మాట్లాడాను. చీటీ బల్లమీద పెట్టలేదు. పిల్లలు ఒక్కొక్క తప్పూ తల్లి ముందు చదువుతుంటే ఆవిడ ఒక్కొక్కటీ కాదంటుంది, చివరికి పోట్లాట మిగులుతుంది. అలాగని దాచడమూ మంచిది కాదు. "అమ్మాయి మీ సంగతులు కొన్ని రాసిచ్చింది" అన్నాను. కాసేపు ఊరుకుని, "ఆవకాయ సంగతి రాసిందా?" అని అడిగింది. రాసిందన్నాను. "నాకూ తెలుస్తూనే ఉంది బాబూ. చేతిలో గరిటె ఉంటుంది, ఎందుకు పట్టుకున్నానో ఉండదు" అంది. ఇంత మాట కూతురితో ఎప్పుడూ అనలేదట.

మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నాను, తాళం, నిమ్మకాయ, రైలు. ఐదు నిమిషాల తరవాత ఒక్కటీ రాలేదు. "తాళం" అని నేను సగం అందించినా, అలాంటిదేమీ చెప్పలేదే అంది. గడియారం గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంటే అంకెలన్నీ కుడివైపే సర్దింది. ఇక్కడొక మాట. ఆస్పత్రికి వచ్చే ముందు ఆటోలో పెద్దవాళ్ళకు తారీఖు, వారం, ప్రధానమంత్రి పేరు వల్లెవేయించి తెచ్చే పిల్లలను చాలామందిని చూశాను. ప్రేమతోనే చేస్తారు. పరీక్ష మాత్రం పాడవుతుంది.

దిగులు సంగతీ చూశాను. భర్త పోయాక వచ్చే మనోవ్యాధి అచ్చం మతిమరపులా కనిపించవచ్చు. కాని అలాంటి వాళ్ళు సాధారణంగా "నాకేమీ గుర్తుండడం లేదు డాక్టరు గారూ" అని తామే వచ్చి చెప్పుకుంటారు, ప్రయత్నించకుండానే తెలీదంటారు. ఈవిడ దాచుకుంటోంది, తిండీ నవ్వూ బాగానే ఉన్నాయి.

చెవిలో చూస్తే రెండువైపులా గుమిలి గట్టిగా పట్టి ఉంది. టీ.వీ. శబ్దం గురించి కూతురు రాయకపోతే చూసేవాడిని కాదేమో. వినపడని మాట గుర్తుండదు, అది మతిమరపు లెక్కలో పడిపోతుంది. రక్తపరీక్షలకు రాశాను. థైరాయిడ్, సోడియం, మూత్రపిండాలు, షుగరు బాగున్నాయి. మూత్రంలో ఇన్ఫెక్షను లేదు. బి12 విటమిన్ మాత్రం 130 ఉంది. 200 లోపు ఉంటే లోపమే అంటాము. పద్నాలుగేళ్ళ మెట్‌ఫార్మిన్, శాకాహారం రెండూ కలిస్తే ఇది వింత కాదు. మెట్‌ఫార్మిన్ ఒంటికి బి12 పట్టకుండా చేస్తుంది. ఇది చదివి ఎవరూ షుగరు బిళ్ళ ఆపెయ్యవద్దు. బి12 వేరే ఇచ్చుకోవచ్చు. స్కానులో రక్తం గడ్డలు, కణుతులు లేవు. జ్ఞాపకాలకు సంబంధించిన భాగం కాస్త కుంచించుకుని కనిపించింది.

ఆక్సీబ్యూటినిన్ రాసిన డాక్టరుతో మాట్లాడి దాన్ని ఆపించాను. దాని బదులు రెండున్నర గంటలకోసారి, అవసరం ఉన్నా లేకపోయినా, బాత్‌రూముకు తీసుకువెళ్ళమన్నాను. జలుబు బిళ్ళలు ఇంట్లోంచి తీసెయ్యమన్నాను. బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టాము, చెవులు శుభ్రం చేయించాము. కొత్త ఇంట్లో రాత్రిపూట బాత్‌రూము దారి తెలిసేలా చిన్న దీపం పెట్టమన్నాను.

దసరాకు ముందు మళ్ళీ వచ్చారు. ఈసారి చీటీలో రెండు వరసలు. ఎడమవైపు పోయినవి, కుడివైపు మిగిలినవి. మంచం మీది పిల్లలు పది రోజుల్లోనే కనిపించడం మానేశారు. పగటి కునుకు పోయింది. రాత్రి ఒక్కసారే లేస్తోంది. కూతురిని చెల్లెలనుకోవడం మళ్ళీ జరగలేదు. కుడివైపు వరసలో ఏకాదశి ప్రశ్న అలాగే ఉంది, గాజులు మళ్ళీ ఒకసారి పోయి దొరికాయి. తాళం, నిమ్మకాయ, రైలు ఈసారి కూడా గుర్తు రాలేదు.

ఆ కుడివైపు వరసే అసలు జబ్బు. బి12 లోపం సరిచేసినా పోలేదు, మందు ఆపినా పోలేదు. అల్జీమర్స్, తొలి దశ అని చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరవాత "జులైలోనే చూపించి ఉంటే ఇదంతా ముదిరిపోయిన జబ్బని ఊరుకునే వాళ్ళం కదండీ" అంది. నిజమే. మందు తెచ్చిన గందరగోళాన్ని జబ్బు ఖాతాలో వేసి, ఆవిడకు నిద్రమాత్రలు మొదలుపెట్టి ఉండేవాళ్ళం.

డోనెపెజిల్ 5 మిల్లీగ్రాములు రాశాను, ముందు నాడీ, ఇ.సి.జి. చూసి. అది గుండెవేగాన్ని కొంత తగ్గిస్తుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది. జబ్బును ఆపదు. కొందరిలో కొంతకాలం ఉన్నదాన్ని నిలబెడుతుంది, అంతవరకే. ఇది ఎసిటైల్‌కోలిన్‌ను పెంచే మందు. కాబట్టి మళ్ళీ ఎక్కడైనా మూత్రానికో జలుబుకో పాత బిళ్ళలు రాస్తే రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి. అంచేత మందుల జాబితా రాసి తల్లి సంచీలోనే పెట్టమన్నాను.

చీటీ ఆపవద్దన్నాను. రోజూ కాదు, నెలకోసారి పౌర్ణమి నాడు, పది వాక్యాలు చాలు. వంట, డబ్బు, దారి, రాత్రి. ఒకవేళ మార్పు నెలల్లో కాక గంటల్లో, రోజుల్లో వస్తే, అంటే ఉన్నట్టుండి మగతపడినా, మాట తడబడినా, మూతి వంకరపోయినా, పడి తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు తేడా వచ్చినా, చీటీ రాస్తూ కూర్చోకుండా వెంటనే తీసుకురావాలి. మూత్రంలో ఇన్ఫెక్షను, సోడియం తగ్గడం, పక్షవాతం, మెదడుపై రక్తం చేరడం ఇలాగే వస్తాయి.

అన్నయ్యకు ఆ రెండు పేజీలనూ ఫోటో తీసి పంపిందట. ఆయన ఫోను చేసి నాతో పావుగంట మాట్లాడాడు. మొదటి ఐదు నిమిషాలు వాదించాడు. తరవాత, "ఆటో అబ్బాయితో నాకు చెప్పొద్దందా అండీ?" అని అడిగాడు. డిసెంబరులో వస్తున్నాడు. ఇల్లు, బ్యాంకు కాగితాల సంగతి తల్లి తన ఇష్టం తను చెప్పగలిగే ఈ రోజుల్లోనే ఆమెను అడిగి తేల్చుకుంటామన్నాడు.

లేచి వెళ్ళబోతూ ఆవిడ కూతురి చేతిలోని కాగితం వైపు చూపించి, "నేనింకా పులిహోర చేస్తున్నానని కూడా రాయమను బాబూ" అంది. చేస్తోంది. ఉప్పు గిన్నెలో కొలిచి పెడుతోంది కూతురు, గ్యాసు కట్టేది కూతురే, పోపు మాత్రం ఆవిడదే.